టైమ్‌జోన్లు వేరైనప్పుడు ప్రేమలో దగ్గరితనం నిలుపుకోవడం ఎలా

దూరంగా ఉంటున్న ప్రేమికులు సాధారణంగా మొదట చేసే పని, దొరికిన ప్రతి గంటనూ ఫోన్‌కు అప్పగించడం. ఇద్దరి గడియారాలూ ఒకటే అయితే అందువల్ల పెద్ద నష్టం లేదు. మధ్యలో తొమ్మిది, పది, పదకొండు గంటల తేడా ఉన్నప్పుడు మాత్రం ఆ గంటలు ఎవరో ఒకరి నిద్రలోంచో, ఉద్యోగంలోంచో రావలసిందే. కొన్ని వారాలు గడిచేసరికి ఒకరు ఆవలిస్తూ, మరొకరు హడావిడిగా మాట్లాడుకుంటూ, తమ మధ్య ఏదో తగ్గిపోయిందని ఇద్దరూ లోలోపల అనుకోవడం మొదలుపెడతారు. చాలాసార్లు వాళ్లకు తగ్గింది నిద్ర మాత్రమే.

దగ్గరితనం మాట్లాడిన నిమిషాల లెక్కను బట్టి పెరగదు. మనస్తత్వవేత్తలు హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ 1988లో ప్రతిపాదించిన వివరణ ప్రకారం, ఒకరు తన లోపలి విషయం ఒకటి బయటపెట్టి, రెండోవారు దాన్ని అర్థం చేసుకుని పట్టించుకున్నారని మొదటివారికి అనిపించినప్పుడు సాన్నిహిత్యం పుడుతుంది. ఈ వివరణలో గమనించవలసింది ఏమిటంటే, చెప్పడమూ జవాబు ఇవ్వడమూ ఒకే సమయంలో జరగాలన్న నియమం ఎక్కడా లేదు. క్రిస్టల్ జియాంగ్, జెఫ్రీ హ్యాన్‌కాక్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, దూరంగా ఉన్న జంటలకూ దగ్గరగా ఉన్న జంటలకూ రోజువారీ డైరీలు రాయించి చూస్తే, దూరపు జంటల్లో సాన్నిహిత్యం తక్కువగా ఏమీ కనిపించలేదు. వాళ్లు తమ గురించి మరింత విప్పి చెప్పుకుంటున్నారని కూడా తేలింది. అందుకే ఈ కింది పద్ధతులన్నీ ఒకే లెక్క మీద నడుస్తాయి: ఇద్దరూ మెలకువగా ఉండే కొద్ది గంటలను ముఖాముఖి మాటకే అవసరమైన వాటికి దాచుకోవాలి, మిగతాదంతా ఎవరి వేళలో వారు చెప్పుకుని ఎవరి వేళలో వారు జవాబిచ్చేలా అమర్చుకోవాలి.

మొదటి మెట్టు: ఇద్దరి గంటలనూ కాగితం మీద పెట్టండి

ఒక కాగితం మీద రెండు అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి గీసి, పై గీత మీద మీ రోజునూ కింది గీత మీద మీ భాగస్వామి రోజునూ గంటలవారీగా గుర్తు పెట్టండి. ముందుగా నిద్రను నింపండి. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు, కాబట్టి ఆ 7 గంటలను ఇద్దరి గీతల మీదా ముట్టుకోకూడని భాగంగా నల్లగా దిద్దేయండి. తర్వాత ఉద్యోగం, ప్రయాణం, తప్పించలేని ఇంటి పనులు గుర్తించండి. రెండు గీతల మీదా ఒకేసారి ఖాళీగా మిగిలినవే మీకు నిజంగా ఉన్న గంటలు. ఇది అక్కర్లేని శ్రమ అనిపించవచ్చు గానీ, నెలల తరబడి దూరంగా ఉంటూ కూడా ఈ లెక్క ఎన్నడూ వేసుకోని జంటలే ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆమె సిడ్నీలో, అతను లండన్‌లో ఉన్నారు. ఇద్దరూ ఉదయం 6:30కు లేచి 8:30కు ఇంట్లోంచి బయలుదేరతారు, సాయంత్రం 5:30కు పని ముగిస్తారు, రాత్రి 10:30కు పడుకుంటారు. జనవరిలో సిడ్నీ గడియారం లండన్ కంటే 11 గంటలు ముందుంటుంది. అప్పుడు అతని ఉదయం 6:30 నుంచి 8:30 వరకు ఆమెకు సాయంత్రం 5:30 నుంచి 7:30 అవుతుంది. అతని రాత్రి 7:30 నుంచి 9:30 వరకు ఆమెకు మర్నాటి ఉదయం 6:30 నుంచి 8:30 అవుతుంది. అంటే పనిరోజుల్లోనే వాళ్లకు రెండు రెండేసి గంటల కిటికీలు, ఎవరి నిద్రా చెడకుండా దొరుకుతున్నాయి. దూరాన్ని తలచుకుని భయపడినంత పేదరికం ఇక్కడ లేదు.

అయితే రెండు కిటికీల స్వభావం ఒకటి కాదు. ఒకదానిలో ఆమె పని ముగించి తీరికగా ఉంటుంది, అతను తయారవుతూ గడియారం చూసుకుంటూ ఉంటాడు. రెండోదానిలో సరిగ్గా దీనికి తలకిందులు. ప్రతిసారీ ఒకే కిటికీని వాడితే, ఎప్పుడూ తొందరలో ఉండేది ఒకే మనిషి అవుతుంది. ఆ మనిషి పొడి పొడి జవాబులను అవతలివారు చల్లబడిన మనసుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి వారం వారం కిటికీ మార్చుకోండి, లేదా సోమ, బుధ వారాల్లో ఒకటి, మంగళ, గురువారాల్లో మరొకటి అని ముందే నిర్ణయించుకోండి. తేడా మరీ ఇబ్బందికరంగా ఉండి, ఎవరో ఒకరు పెందలాడే లేవక తప్పని పరిస్థితి అయితే, ఆ భారం కూడా ఇలాగే వంతులవారీగా మోయవలసిందే. "నాకు అలవాటైపోయిందిలే" అని ఒకరే దాన్ని నెత్తిన వేసుకోవడం ఔదార్యంలా కనిపిస్తుంది గానీ, మొదటి పెద్ద తగాదాలో బయటికి వచ్చేది ఆ లెక్కే.

నిద్ర విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, దాని ఖరీదు మర్నాటి మాటల్లో చెల్లించవలసి వస్తుంది. అమీ గార్డన్, సెరీనా చెన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, సరిగా నిద్ర పట్టని రాత్రి గడిచాక జంటల మధ్య ఘర్షణ ఎక్కువైందని తేలింది. ఇద్దరికీ నిద్ర సరిపోయినప్పుడే తగాదాలు బాగా పరిష్కారమయ్యాయి, ఒక్కరికి చాలకపోయినా ఫలితం దెబ్బతింది.

రెండో మెట్టు: గడియారాలు మారే తేదీలను ముందే రాసి పెట్టుకోండి

పైన చెప్పిన చక్కని అమరిక ఏడాది పొడుగునా నిలవదు. లండన్‌లో వేసవి కోసం గడియారాన్ని మార్చి చివరి ఆదివారం ఒక గంట ముందుకు జరిపి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. సిడ్నీలో రుతువులు తలకిందులు కాబట్టి ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి, అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకు వెళుతుంది. ఫలితంగా 2026లో మార్చి 29 వరకు 11 గంటలున్న తేడా ఆ రోజు 10 అవుతుంది, ఏప్రిల్ 5న 9కి దిగుతుంది. మళ్లీ అక్టోబర్ 4న 10కి, అక్టోబర్ 25న 11కి చేరుతుంది.

రెండు గంటల మార్పే కదా అనుకోకండి. తేడా 9 గంటలకు దిగగానే అతని ఉదయం 6:30 ఆమెకు మధ్యాహ్నం 3:30 అవుతుంది, ఆ వేళకు ఆమె ఆఫీసులో ఉంటుంది. అతని రాత్రి 7:30 ఆమెకు తెల్లవారుజామున 4:30. జనవరిలో ఉన్న రెండు కిటికీల్లో ఒక్క నిమిషం కూడా మిగలదు. ఇప్పుడు పనిరోజుల్లో దొరికేవి వేరు: అతనికి రాత్రి 9:30 నుంచి 10:30, ఆమెకు ఉదయం 6:30 నుంచి 7:30. లేదా అతని మధ్యాహ్న విరామం 12:30 నుంచి 1:30, ఆమెకు రాత్రి 9:30 నుంచి 10:30. ఏప్రిల్ నెలలో అకారణంగా మాటలు తగ్గిపోయాయని బాధపడే జంట, తమ గడియారాలకు ఏమైందో ముందు చూసుకోవాలి.

అందువల్ల ఇద్దరి ప్రాంతాల్లోనూ గడియారం మారే తేదీలను ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో రాసుకుని, ఒక్కో తేదీకి వారం ముందు కూర్చుని కాగితం మళ్లీ గీయండి. మీ ప్రాంతంలో గడియారం ఎన్నడూ మారకపోయినా, అవతలి ప్రాంతంలో మారితే మీ తేడా మారినట్టే. ఇంకో చిన్న చిక్కు ఉంది. ఫోన్ క్యాలెండర్‌లో వారం వారం వచ్చే కాల్‌ను నమోదు చేస్తే, అది సాధారణంగా నమోదు చేసినవారి టైమ్‌జోన్‌కు కట్టుబడి ఉంటుంది. గడియారం మారగానే ఒకరికి అదే సమయం నిలుస్తుంది, రెండోవారికి జరిగిపోతుంది. ఎవరి గడియారం ప్రకారం కాల్ నడవాలో మాట్లాడుకునే పెట్టుకోండి. మెసేజ్‌లో సమయం రాసేటప్పుడు "రేపు ఎనిమిదికి" అని వదిలేయకుండా, "నీకు శనివారం ఉదయం 8:30, నాకు శుక్రవారం రాత్రి 9:30" అని వారం పేరుతో సహా రాయడం అలవాటు చేసుకుంటే, రేపు అనేది ఎవరి రేపు అన్న గొడవ రాదు.

మూడో మెట్టు: కాల్‌కు ఏది, వాయిస్ మెసేజ్‌కు ఏది

ఉమ్మడి గంటలు తెలిశాక, వాటిలో ఏం పెట్టాలన్నది తేల్చుకోవాలి. కలిసి నిర్ణయించవలసినవి, మనసు కష్టపెట్టుకున్న సంగతులు, ముఖం చూస్తూ నవ్వుకోవడం, ఏమీ మాట్లాడకుండా కాసేపు ఒకరి ఎదుట ఒకరు ఉండటం, ఇవి కాల్‌కు చెందుతాయి. రోజులో ఏం జరిగిందన్న కబురు మాత్రం కాల్ కోసం దాచకండి. సాయంత్రం దాకా దాచిన కబురు చప్పబడిపోతుంది. "ఏంటి సంగతులు?" అన్న ప్రశ్నకు "ఏముంటాయి, మామూలే" అన్న జవాబు రావడానికి ముఖ్య కారణం ఇదే. జరిగినవి లేక కాదు, వాటిని చెప్పవలసిన ఘడియ దాటిపోవడం వల్ల అవి మాట రూపంలోకి రావు.

దీనికి వాయిస్ మెసేజ్ బాగా పనికొస్తుంది. రాతలో రాని గొంతు అందులో వస్తుంది, కాల్‌కు కావలసిన ఉమ్మడి సమయం దానికి అక్కర్లేదు. ఒక నిమిషం నుంచి మూడు నిమిషాల లోపు ఉంచండి, పది నిమిషాల మెసేజ్ అవతలివారికి వినవలసిన పనిగా మారుతుంది. రోజంతటి సారాంశం చెప్పకుండా ఒకే ఒక్క సంగతి తీసుకుని దాని వివరంతో చెప్పండి: ఎవరు ఏమన్నారు, అప్పుడు మీకు ఏమనిపించింది, మీరు పైకి ఏమన్నారు, లోపల ఏమనుకున్నారు. "ఈరోజు మీటింగ్ విసిగించింది" అన్నదాన్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. "నేను చెప్పిన ఆలోచననే పది నిమిషాల తర్వాత ఇంకొకరు చెబితే అందరూ మెచ్చుకున్నారు, నేను నవ్వి ఊరుకున్నాను" అన్నదాన్లో ఒక మనిషి ఉన్నారు, ఆ మనిషికి జవాబివ్వవచ్చు.

పడుకోబోయే ముందు ఒక మెసేజ్ వదలడం మంచి అలవాటు. మీరు నిద్రలో ఉండగా అవతలివారి రోజు నడుస్తూ ఉంటుంది, వాళ్లకు విరామం దొరికినప్పుడు అది చేతికి అందుతుంది. వాళ్లు ఇచ్చిన జవాబు మీరు లేచేసరికి ఎదురుచూస్తుంటుంది. ఒకే ఊళ్లో ఉన్నవారికి ఈ సదుపాయం లేదు.

నాలుగో మెట్టు: జవాబులో శ్రద్ధ కనిపించాలి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇది, ఎక్కువగా పాడయ్యేదీ ఇదే. మెసేజ్ పంపడానికి అందరూ శ్రమపడతారు, అందిన మెసేజ్‌కు మాత్రం ఒక బొమ్మ పెట్టి ముందుకు వెళ్లిపోతారు. ఎదురుగా ఉన్న మనిషికి తల ఊపితే చాలు, మీరు విన్నారని తెలుస్తుంది. దూరాన ఉన్న మనిషికి ఆ తల ఊపు కనబడదు కాబట్టి, విన్నారన్న సంగతి మాటల్లోనే తెలియాలి.

మన ఉదాహరణలోని జంటనే చూద్దాం. జనవరిలో ఒక రాత్రి 10:15కు ఆమె ఒక మెసేజ్ పంపి పడుకుంది: ఇన్నాళ్లూ పై అధికారి తానే చేస్తూ వచ్చిన నెలవారీ నివేదికను ఈసారి తనను సమర్పించమన్నారని, సంతోషంగానే ఉన్నా ప్రశ్నలు అడిగే ఒక సహోద్యోగి విషయంలో బెదురుగా ఉందని. అతనికి అది ఉదయం 11:15కు అందింది. "సూపర్, అదరగొట్టేస్తావు" అని అతను రాస్తే ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ బెదురు సంగతి అతను విన్నాడో లేదో ఆమెకు తెలియదు. అతను ముందు "పనిలో ఉన్నాను, విన్నాను, విరామంలో చెబుతాను" అని ఒక ముక్క పంపి, మధ్యాహ్నం ఇలా అన్నాడనుకోండి: "వాళ్లంతట వాళ్లే నీకు అప్పగించారంటే, పోయినసారి నువ్వు సిద్ధం చేసిన లెక్కలు వాళ్లకు నచ్చాయన్నమాట. ఆ సహోద్యోగి ఎలాంటి ప్రశ్న అడుగుతారని నీ భయం? రాత్రి కాల్‌లో నేను ఆయనలా అడుగుతాను, నువ్వు జవాబు చెప్పి చూడు." ఇందులో మూడు పనులు జరిగాయి. ఆమె చెప్పిన వివరం ఒకటి తిరిగి వినిపించింది, చెప్పీ చెప్పని బెదురుకు చోటు దొరికింది, తర్వాతి కాల్‌కు ఒక నిజమైన పని ఏర్పడింది. నివేదిక అయిపోయిన రోజున "ఎలా జరిగింది?" అని ఆమె చెప్పకముందే అడిగితే నాలుగో పనీ పూర్తవుతుంది. దాని కోసం ఆ తేదీని అతను తన క్యాలెండర్‌లో రాసుకున్నా తప్పు లేదు. గుర్తుంచుకోవడానికి చేసే ఏర్పాటు కూడా శ్రద్ధే.

శుభవార్త విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనల్లో, మంచి వార్త చెప్పినప్పుడు భాగస్వామి ఉత్సాహంగా, ఆసక్తితో స్పందించడం బంధం పట్ల తృప్తితో ముడిపడి కనిపించింది. నిశ్శబ్దంగా సంతోషించి ఊరుకోవడంలో ఆ లాభం కనబడలేదు. కష్టంలో తోడు నిలిచే చాలామంది, సంతోషంలో మాత్రం "మంచిది" అనేసి ఊరుకుంటారు.

జవాబు ఆలస్యమైతే దానికి అర్థం ఏమిటన్నది కూడా ముందే ఒప్పుకుని ఉండాలి. పనిగంటల్లో మౌనానికి అర్థం పని మాత్రమేనని, ఒక పూట మించి ఆలస్యమయ్యేట్టుంటే ఒక్క ముక్క పంపుతామని ఇద్దరూ అనుకుంటే, నీలం గుర్తులనూ చివరిసారి చూసిన సమయాన్నీ కనిపెట్టుకుని కూర్చునే అవస్థ తప్పుతుంది.

ఐదో మెట్టు: కాల్‌కు ముగింపు వేళ, తగాదాకు మరో వేళ

పనిరోజుల్లో ఇరవై నిమిషాల కాల్ చాలు. వారాంతంలో ఒక పొడుగాటి కాల్ పెట్టుకోండి. వారాంతాలు కూడా పూర్తిగా కలవవని గుర్తుంచుకోవాలి: లండన్ ఆదివారం రాత్రి సిడ్నీకి సోమవారం ఉదయం. అందుకని లండన్ ఉదయం, సిడ్నీ సాయంత్రం అయ్యే శని, ఆది వారాల పూటలే వీరికి తీరికైనవి. ఆ పొడుగు కాల్ అంతా మాటలతో నింపనక్కర్లేదు. ఒకరు బట్టలు మడతపెడుతూ, ఒకరు పుస్తకం చదువుతూ, కాల్ అలా నడుస్తుండగా ఎవరి పని వారు చేసుకోవడం ఒకే గదిలో ఉన్నప్పటి మామూలుతనాన్ని కొంత తిరిగి ఇస్తుంది.

కాల్ మొదలుపెట్టినప్పుడే ఎప్పుడు ముగుస్తుందో చెప్పుకోండి. ఎవరైనా పడుకోబోయే, లేదా పనికి బయలుదేరబోయే చివరి పావుగంటలో బరువైన విషయం ఎత్తవద్దు. ఒకరు కోపంతో ఆఫీసుకు, మరొకరు కన్నీళ్లతో పడకకు వెళితే, తర్వాతి ఉమ్మడి కిటికీ దాకా దాన్ని సరిచేసే అవకాశం ఉండదు. అలాగని దాచడమూ వద్దు. "నిన్నటి విషయంలో నాకు బాధగా ఉంది, దీని గురించి మాట్లాడాలి, రేపు నీకు ఉదయం 7 గంటలకు కుదురుతుందా?" అని విషయాన్ని పేరు పెట్టి చెప్పి, ఒక రోజులోపు సమయం కట్టండి. ఏ విషయమో చెప్పకుండా "నీతో మాట్లాడాలి" అని మాత్రమే పంపడం అవతలివారి రాత్రిని పాడుచేస్తుంది. తగాదాను టైపు చేసి తేల్చుకోవాలని మాత్రం చూడకండి.

ఎక్కడ తప్పుతోందో కనిపెట్టడం

కాల్ ప్రతిసారీ క్షమాపణతో మొదలవుతోందంటే కాగితం మీద గీసిన గంటలు వాస్తవానికి సరిపోవడం లేదని అర్థం, కాల్‌ల సంఖ్య తగ్గించండి. ఒకరు పంపే మెసేజ్‌లు రోజురోజుకూ పొట్టివవుతున్నాయంటే, పంపేవారిని నిలదీసే ముందు వాళ్లకు అందిన జవాబులు చదివి చూడండి. ఇక మూడోది, పైకి అన్నిటికంటే బాగున్నట్టు కనిపించే లక్షణం: కాల్‌లన్నీ హాయిగా సాగుతున్నాయి, ఎవరికీ ఏ విసుగూ లేదు. దొరికిందే కాస్త సమయం, దాన్ని చెడగొట్టడమెందుకని ఇద్దరూ చిరాకులను దాచుకుంటున్నప్పుడు ఇలా ఉంటుంది. అప్పుడు మీరు ప్రేమిస్తున్నది సగం ఆ మనిషిని, సగం మీ ఊహను. లారా స్టాఫర్డ్, ఆమె సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, దూరం ముగిసి ఒకచోటికి చేరిన ప్రేమజంటల్లో సుమారు మూడో వంతు మూడు నెలల్లోపే విడిపోయారు. అందుకే వారానికి ఒక్కసారైనా ఒక చిన్న అసంతృప్తిని మామూలు గొంతుతో చెప్పుకోండి, డబ్బు ఖర్చు తీరు, ఇంటి శుభ్రత, ఒంటరిగా ఉండాలనిపించే వేళలు వంటి నీరస విషయాలను కూడా మాటల్లోకి రానివ్వండి.

ఈ అలవాట్లకు ఒక హద్దు ఉంది. జవాబివ్వడానికి ఇష్టం లేని మనిషి చేత ఏ క్యాలెండరూ జవాబు ఇప్పించలేదు. రెండు మూడు వారాలు పద్ధతి ప్రకారం నడిచాక కూడా ఒకరే పంపుతూ ఒకరే అడుగుతూ ఉంటే, గంటల అమరికను పక్కనపెట్టి ఆ విషయమే తీరిక కాల్‌లో నేరుగా అడగాలి. దూరం ఎప్పటికి, ఎలా ముగుస్తుందన్న ప్రశ్నకు కూడా ఇదే వర్తిస్తుంది. జవాబు ఇప్పుడే తెలియకపోతే, మళ్లీ ఏ నెలలో కూర్చుని మాట్లాడుకోవాలో మాత్రం తేదీ వేసుకోండి.

కలుసుకునే ప్రయాణం కుదిరినప్పుడు మొదటి రెండు రోజులను ఖాళీగా వదలండి. శరీరపు గడియారం కొత్త చోటికి సుమారుగా రోజుకు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది కాబట్టి, తొమ్మిది గంటల తేడా దాటి వచ్చిన మనిషి సాయంత్రం మాట మధ్యలోనే నిద్రలోకి జారుకోవచ్చు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చోవచ్చు. ఆ మత్తును ఆసక్తి లేకపోవడంగా తీసుకోకండి. భవిష్యత్తు గురించిన మాటలను, బంధువులకూ స్నేహితులకూ పరిచయం చేసే కార్యక్రమాలను మూడో రోజు తర్వాతకు పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి ముందే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండగానే, రాబోయే నెల కాల్ వేళలను రెండు ఫోన్లలోనూ నమోదు చేసేయండి.